సైజు చార్టు చదవడం వస్తే ఆన్‌లైన్ బట్టలు వాపస్ పంపాల్సిన పని ఉండదు

పండగ దగ్గర పడిందంటే కొండాపురం, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఊళ్ళలో కొనుగోలు రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి ప్రొద్దుటూరుకు పోయి అంగడిలో గుడ్డ పట్టి చూసి తీసుకోవడం. రెండోది ఇంట్లో కూర్చుని ఫోనులో ఆర్డర్ పెట్టడం. అంగడిలో తప్పు జరగడానికి అవకాశం తక్కువ. చేత్తో పట్టుకుంటే పలచనా మందమా తెలుస్తుంది, భుజానికి ఆనించి చూస్తే పొడుగు తెలుస్తుంది, వెలుతురులోకి తెస్తే రంగు తెలుస్తుంది. ఫోనులో ఈ మూడూ ఉండవు. వాటి బదులు ఉండేవి రెండే: సైజు చార్టు, ఫొటో కింద చిన్న అక్షరాల్లో రాసిన బట్ట వివరం. చాలామంది ఫొటో, ధర చూసి ఈ రెండింటినీ దాటేస్తారు. పార్సెల్ విప్పాక కుర్తా చంకల దగ్గర పట్టేస్తుంది, లేదా అబాయా నేల ఊడుస్తుంది, లేదా దుపట్టా రంగు ఒకటి, కుర్తా రంగు ఇంకొకటి అవుతుంది. అప్పటికి పండగ రెండ్రోజుల్లో ఉంటుంది.

ఇవన్నీ ఆర్డర్ పెట్టక ముందే పట్టుకోగల తప్పులు. కావాల్సింది ఒక టైలర్ టేపు, పది నిమిషాల ఓపిక.

XL అంటే ఎంత? ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క

మన దేశంలో రెడీమేడ్ బట్టలకు అందరూ పాటించే ఒకే కొలత ఇంతవరకు లేదు. కొన్ని కంపెనీలు అమెరికా కొలతలు, కొన్ని బ్రిటన్ కొలతలు తీసుకుని కాస్త అటూ ఇటూ మార్చుకున్నాయి. ఈ లోటు తీర్చడానికే కేంద్ర జౌళి శాఖ తరఫున నిఫ్ట్ సంస్థ 'ఇండియా సైజ్' అనే సర్వే చేపట్టింది. హైదరాబాదుతో పాటు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు, షిల్లాంగ్ నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ళ వయసున్న 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది దాని ప్రణాళిక. ఒక నగరం ఆడవాళ్ళకూ ఇంకో నగరం ఆడవాళ్ళకూ ఒంటి తీరు ఒకటి కాదు కాబట్టే అన్ని దిక్కుల నుంచీ నగరాలు ఎంచుకున్నారు.

ఈ సంగతి కొనేవాళ్ళకు ఎందుకంటే, "నాది ఎప్పుడూ XL" అనే మాటకు ఆన్‌లైన్‌లో అర్థం లేదు. ఒక కంపెనీ XL ఇంకో కంపెనీ L తో సమానం కావచ్చు, XXL తో సమానం కావచ్చు. గుర్తు పెట్టుకోవాల్సింది అక్షరం కాదు, అంగుళాలు.

చార్టులో రాసింది ఒంటి కొలతా, గుడ్డ కొలతా?

సైజు విషయంలో జరిగే తప్పుల్లో పెద్దది ఇదే. చార్టులు రెండు రకాలు. మొదటి రకంలో `To Fit Bust` అనో `Body Measurement` అనో ఉంటుంది. అంటే అక్కడున్న అంకె మనిషి ఛాతీ కొలత. 40 అని ఉంటే, 40 అంగుళాల ఛాతీ ఉన్నవాళ్ళకు ఆ బట్ట సరిపోతుందని అర్థం. బట్టను మాత్రం 42, 43 అంగుళాలకు కుట్టి ఉంటారు.

రెండో రకంలో `Garment Measurement` అని ఉంటుంది. అక్కడ 40 అంటే బట్టే 40 అంగుళాలు. 40 అంగుళాల ఛాతీ ఉన్న మనిషి అది వేసుకుంటే ఊపిరాడదు. సాగని గుడ్డతో కుట్టిన కుర్తాకు ఒంటి కొలత కన్నా కనీసం 2 అంగుళాలు వదులు ఉండాలి. కొంచెం ఫ్రీగా కావాలనుకునేవాళ్ళకు 3, 4 అంగుళాలు ఉండాలి. టైలర్ కొలత తీసేటప్పుడు "ఎంత లూజు పెట్టమంటారు?" అని అడిగేది దీన్నే. ఆన్‌లైన్‌లో ఆ మాట అడిగేవాళ్ళు ఉండరు. కొనేవాళ్ళే లెక్క వేసుకోవాలి.

కొన్ని సైట్లలో ఈ రెండు పట్టికలూ పక్కపక్కనే ఉంటాయి. పైన నొక్కితే ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. అలాగే `in`, `cm` అని రెండు గుర్తులు ఉంటాయి. ఒక అంగుళం 2.54 సెంటీమీటర్లు. సెంటీమీటర్లలో 102 అని ఉంటే అది 40 అంగుళాలు. ఇంకొన్ని చార్టుల్లో ఛాతీ దగ్గర 20, 21 అనే చిన్న అంకెలు ఉంటాయి. బట్టను నేల మీద పరచి ఒక చంక నుంచి ఇంకో చంకకు కొలిచిన సగం కొలత అది. దాన్ని రెట్టింపు చేసుకోవాలి.

చార్టులో రెండింటిలో ఏదీ రాయకుండా ఉత్త అంకెలే ఉంటే, అది గుడ్డ కొలతే అనుకుని ఆర్డర్ పెట్టడం మేలు. కాస్త వదులైతే టైలర్ దగ్గర సరిచేయించుకోవచ్చు. బిగుతైతే చేయగలిగింది తక్కువ.

ఒక కుర్తా లెక్క: మొదటి నుంచి చివరి దాకా

కొండాపురంలో ఒక ఇల్లాలు రంజాన్‌కు కాటన్ కుర్తా తీసుకోవాలనుకుంటున్నారని అనుకుందాం. ఆమె ఛాతీ 40 అంగుళాలు, తుంటి 42, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ముందుగా చేయాల్సింది ఒంటిని కొలవడం కాదు. బీరువాలో ఉన్న కుర్తాల్లో తనకు బాగా కుదిరిన దాన్ని తీసి మంచం మీద ముడతలు లేకుండా పరచాలి. చంక కింద ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా టేపు పెట్టాలి. ఇరవై ఒకటిన్నర వచ్చింది. రెట్టింపు చేస్తే 43. అంటే తనకు నప్పే కుర్తా ఛాతీ 43 అంగుళాలు, వదులు 3 అంగుళాలు. ఇదే పద్ధతిలో భుజం, చేయి పొడుగు, మొత్తం పొడుగు కొలిచి ఒక కాగితం మీద రాసుకుంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

ఇప్పుడు ఆమె రెండు సైట్లలో రెండు కుర్తాలు చూశారు. మొదటి దాని చార్టులో `To Fit Bust` కింద L అంటే 38, XL అంటే 40, XXL అంటే 42 అని ఉంది. ఇది ఒంటి కొలత. ఆమె ఛాతీ 40 కాబట్టి XL తీసుకోవాలి. రెండో దాని చార్టులో `Garment Measurement` కింద L అంటే 40, XL అంటే 42, XXL అంటే 44 అని ఉంది. ఆమెకు కావాల్సింది 43. XL లో 42 ఉంది, ఒక అంగుళమే కదా తక్కువ అనిపిస్తుంది.

ఇక్కడే గుడ్డ సంగతి వస్తుంది. ముందుగా తడిపి కుదించని కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు, నాలుగు వంతులు కుదించుకుపోవడం మామూలే. 42 అంగుళాల కుర్తా నూటికి 3 చొప్పున కుదిస్తే 40 ముప్పావు దగ్గర ఆగుతుంది. 40 అంగుళాల ఒంటి మీద అది ముప్పావు అంగుళం వదులు. చేతులు పైకెత్తితే చంకల్లో పట్టేస్తుంది, కూర్చుంటే గుండీల దగ్గర నోరు తెరుచుకుంటుంది. అదే XXL అయితే 44 కాస్తా 42 ముప్పావు అవుతుంది. అంటే బీరువాలోని కుర్తాకు పావు అంగుళం తేడాలో కుదురుతుంది. కాబట్టి ఒకే మనిషికి మొదటి సైట్లో XL, రెండో సైట్లో XXL. రెండూ సరైనవే.

ఛాతీ ఒక్కటి చూసి ఆగకూడదు. తుంటి దగ్గర కూడా అంకె ఉంటుంది. పక్క చీలిక నడుము కిందనే మొదలయ్యే కుర్తాకు తుంటి కొలత అంత పట్టింపు లేదు. చీలిక కిందికి ఉన్నదానికీ, చీలికే లేనిదానికీ తుంటి కన్నా 3, 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి. పొడుగు విషయంలోనూ కుదింపు లెక్క వేసుకోవాలి. 44 అంగుళాల కాటన్ కుర్తా నూటికి 4 చొప్పున కుదిస్తే దాదాపు అంగుళం ముప్పావు పోతుంది. మోకాలి కిందికి వచ్చిన కుర్తా ఉతికాక మోకాలి పైకి పోయేది ఇందుకే. నమాజులో రుకూ, సజ్దాకు వంగినప్పుడు వెనక భాగం ఇంకా పైకి పోతుంది. నమాజుకు కూడా అదే కుర్తా వాడేవాళ్ళు పొడుగులో 2 అంగుళాలు ఎక్కువున్న దాన్ని చూసుకోవాలి. చేతుల దగ్గర `Three-Quarter Sleeves` అని ఉంటే అది మోచేతి కిందనే ఆగిపోతుంది. ఫొటోలో మోడల్ చేయి మడిచి నిలబడితే అది నిండు చేతుల్లా కనిపించవచ్చు. మణికట్టు దాకా కావాలంటే `Full Sleeves` అనే మాట ఉందో లేదో చదవాలి.

రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే పెద్దదే తీసుకోవాలనడానికి కుట్టులో కారణం ఉంది. టైలర్ కుట్టే బట్టలో లోపల అంగుళం దాకా గుడ్డ వదులుతారు, తర్వాత విప్పి వదులు చేయొచ్చు. రెడీమేడ్‌లో చాలావాటికి లోపల వదిలేది అర అంగుళం లోపే. అంచు ఓవర్‌లాక్ చేసి కత్తిరించేసి ఉంటుంది. అది తీసుకెళ్తే ఏ టైలరైనా చెప్పేది ఒకటే: "అమ్మా, ఇందులో గుడ్డే వదల్లేదు, ఎక్కడ్నుంచి తీయాలి?" వదులైన దాన్ని మాత్రం రెండు పక్కలా కుట్టు వేసి అరగంటలో ఇస్తారు.

పిల్లల బట్టల మీద `7-8 Years` అని వయసు రాసి ఉంటుంది. ఆ వయసు పిల్లలందరూ ఒకే ఎత్తు ఉండరు. చార్టులో వయసు పక్కనే సెంటీమీటర్లలో ఎత్తు కూడా ఉంటుంది. బిడ్డను గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి, ఆ అంకె ప్రకారం తీసుకోవాలి. వయసును పట్టించుకోనక్కర్లేదు.

అబాయా మీద 52, 54, 56: అది ఛాతీ కాదు

అబాయా, బురఖా కొనేటప్పుడు జరిగే తప్పు వేరే రకం. వీటి మీద 50, 52, 54, 56, 58 అని సరిసంఖ్యలు ఉంటాయి. కుర్తాకు అలవాటు పడినవాళ్ళు దాన్ని ఛాతీ కొలత అనుకుని, "కాస్త లావు కదా, 56 పెడదాం" అంటారు. ఆ అంకె పొడుగు. మెడ పక్కన భుజం పైనుంచి కింది అంచు దాకా ఎన్ని అంగుళాలో అది. 56 తెప్పించుకుంటే లావుకు సరిపోతుందేమో గానీ, నాలుగు అంగుళాలు నేల మీద పాకుతుంది.

కొలవడం తేలిక. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడాలి. మెడ, భుజం కలిసే చోట టేపు పెట్టి, ఛాతీ మీదుగా చీలమండ దాకా ఇంకొకరు కొలవాలి. ఒక్కరే ఉంటే, ఎత్తులోంచి 10 అంగుళాలు తీసేస్తే ఉజ్జాయింపుగా నేల దాకా వచ్చే పొడుగు తెలుస్తుంది. 5 అడుగుల 3 అంగుళాలంటే 63. అందులో 10 పోతే 53. ఆ మనిషికి 54 తీసుకుంటే ఉత్త కాళ్ళ మీద నేలకు తగులుతుంది, మడమ చెప్పులతో అయితే సరిగ్గా ఉంటుంది. 52 అయితే నేలకు ఒక అంగుళం పైన ఆగుతుంది. రోజూ బస్సు ఎక్కేవాళ్ళు, స్కూటీ నడిపేవాళ్ళు 52 తీసుకోవడమే క్షేమం. బండి వెనక కూర్చున్నప్పుడు పొడుగైన అబాయా అంచు చక్రంలో పడి చుట్టుకోవడం ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం. అది సైజు దగ్గరే మొదలవుతుంది.

ఛాతీ కొలత కోసం చార్టులో వేరే గడి చూడాలి. కొన్ని అబాయాలు గొడుగులా వెడల్పుగా ఉంటాయి, వాటికి ఛాతీ పట్టింపు ఉండదు. ముందు జిప్పు, గుండీలు ఉన్న సాదా రకాలకు మాత్రం ఒంటి కన్నా 6 అంగుళాలైనా వదులు ఉండాలి. అది లోపలి బట్టల మీద వేసుకునేది కదా. చేయి పొడుగు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. చాలా అబాయాల్లో చేతిని భుజం నుంచి కాకుండా మెడ మధ్య నుంచి మణికట్టు దాకా కొలుస్తారు. అందుకే చార్టులో 28, 29 అంగుళాలు కనిపిస్తాయి. కుర్తా చేతితో పోల్చి "ఇంత పొడుగా" అని భయపడాల్సిన పని లేదు. అయితే కొలత ఎక్కణ్ణుంచి తీశారో బొమ్మలో చూసుకోవాలి.

గుడ్డ పేరు ఒకటి, నూలు ఒకటి

బట్ట వివరంలో రెండు రకాల మాటలు కలిసిపోయి ఉంటాయి. కాటన్, పాలిస్టర్, విస్కోస్, సిల్క్ అనేవి దారం దేంతో తయారైందో చెప్పేవి. జార్జెట్, క్రేప్, శాటిన్, షిఫాన్ అనేవి ఆ దారాన్ని ఎలా నేశారో చెప్పేవి. జార్జెట్ పట్టుతో నేయొచ్చు, పాలిస్టర్‌తోనూ నేయొచ్చు. తక్కువ ధరకు వచ్చేది దాదాపు అంతా పాలిస్టరే. కాబట్టి 'జార్జెట్' అని ఒక్క మాటే చదివితే అది ఎండలో ఎలా ఉంటుందో, ఉతికితే ఏమవుతుందో తెలియదు. కిందికి వెళ్ళి `Fabric` లేదా `Material Composition` అన్న చోట ఏం రాశారో చూడాలి.

అక్కడ `100% Cotton` అని ఉంటే ఆ మాటకు అమ్మినవాళ్ళు కట్టుబడి ఉండాలి. `Cotton Blend` అని ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి. పక్కన ఎంత శాతమో రాయకపోతే అందులో కాటన్ సగం ఉందో, పావు వంతే ఉందో చెప్పలేం. మే నెలలో కడప జిల్లా ఎండలో పాలిస్టర్ పాలు ఎక్కువున్న కుర్తా ఒంటికి అతుక్కుంటుంది, చెమట పీల్చదు. పెళ్ళికో వలీమాకో రెండు గంటలు వేసుకునేదైతే సర్దుకుపోవచ్చు. రోజూ ఇంట్లో వేసుకునేదైతే కష్టం.

రేయాన్, విస్కోస్ అనేవి కలప గుజ్జు నుంచి తీసిన దారం. మెత్తగా, చల్లగా, జారుతూ ఉంటుంది, ధర తక్కువ. అందుకే ఆన్‌లైన్ కుర్తాల్లో ఎక్కువ భాగం ఇదే. దీని లోపం తడిసినప్పుడు బయటపడుతుంది. నీళ్ళలో ఈ దారం బలం తగ్గుతుంది. బండ మీద కొట్టి ఉతికితే, గట్టిగా పిండితే కుట్ల దగ్గర చిరుగుతుంది. కాటన్‌లాగే కుదించుకుపోతుంది కూడా. వాడకూడదని కాదు. చేత్తో మెల్లగా పిసికి ఆరేయాలి, సైజులో కాస్త ఎక్కువ తీసుకోవాలి.

అబాయాల దగ్గర వినిపించే 'నిదా' అనేది కూడా పాలిస్టరే. అయితే అబాయాకు అది పనికొచ్చే గుణమే. కుదించదు, ముడత పడదు, నలుపు వెలవదు. కాటన్ నలుపు మాత్రం ఎండకూ ఉతుకులకూ బూడిద రంగులోకి దిగుతుంది. అందుకే కొన్నాళ్ళు మన్నే నల్ల అబాయా కావాలంటే నిదా, క్రేప్ రకాలు చూస్తారు.

పలచదనం సంగతి ఫొటోలో తెలియదు. ఫొటోకు లోపల అదే రంగు బట్ట వేసి తీస్తారు. వివరంలో `Sheer` అని ఉంటే ఒళ్ళు కనిపించే పలచన. `Opaque` అని ఉంటే కనిపించదు. `Lining` పక్కన `Yes` అని ఉంటే అస్తర్ ఉంది. అస్తర్ ఉన్నా చాలాసార్లు ఒంటి వరకే వేస్తారు, చేతులకు ఉండదు. జార్జెట్, నెట్ బట్టల్లో చేతులు తేటగా కనిపించేది ఇందుకే. కొందరు అమ్మకందారులు `GSM` అని ఒక అంకె ఇస్తారు. ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో అది. 60, 70 అంటే దుపట్టాకు పనికొచ్చే పలచన. కుర్తాకు 100 పైన ఉంటే నయం. లేత రంగు, తెలుపు అయితే ఇంకా మందం ఉండాలి.

మగవాళ్ళ కుర్తాలో 'సిల్క్' అన్న మాట

పెళ్ళికొడుకు షేర్వానీ, ఈద్ కుర్తాల కింద సిల్క్ అనే మాట తరచూ కనిపిస్తుంది. స్వచ్ఛమైన పట్టు మగవాళ్ళు ధరించకూడదని హదీసుల ఆధారంగా ఉలమాలు చెబుతారు. కాబట్టి ఈ మాట వెనక ఏముందో చదవడం మన ఇళ్ళలో ఉత్త నాణ్యత విషయం కాదు.

`Art Silk` అంటే కళాత్మకమైన పట్టు కాదు. ఆర్ట్ అన్నది ఆర్టిఫిషియల్ అనే మాటకు పొట్టి రూపం. అది విస్కోసో పాలిస్టరో. పట్టుపురుగుతో దానికి సంబంధం లేదు. `Poly Silk`, `Silk Finish` కూడా అంతే. `Pure Silk` అంటే అసలు పట్టు. అసలు పట్టుకు కేంద్ర సిల్క్ బోర్డు ఆధ్వర్యంలో 2004 నుంచి సిల్క్ మార్క్ గుర్తు ఇస్తున్నారు. `Silk Blend` మాత్రం మధ్యలో ఉంటుంది. ఎంత శాతం పట్టో అమ్మినవాళ్ళను అడిగి తెలుసుకుని, ఆ మిశ్రమం చెల్లుతుందా అన్నది తమ ఆలిమ్‌ను అడగాలి.

ఈ ప్రశ్న కొత్తది కాదు. పడుగు పట్టుతో, పేక నూలుతో నేసి, పట్టు పైకి కనిపిస్తూ ఒంటికి నూలు తగిలేలా చేసిన 'మష్రూ' అనే గుడ్డ ఈ అవసరం నుంచే పుట్టింది. ఆ పేరుకు షరీఅత్ అనుమతించినది అని అర్థం. గుజరాత్‌లోని పాటణ్‌లో ఇప్పటికీ దాన్ని నేస్తున్నారు.

ఇంటికి వచ్చిన గుడ్డ ఏదో తేల్చుకోవాలంటే లోపలి అంచు నుంచి ఒక దారం లాగి, పళ్ళెం మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చి చూడొచ్చు. అసలు పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. కాటన్, విస్కోస్ కాగితం కాలిన వాసన వేస్తాయి. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. కలిపి నేసిన గుడ్డలో పడుగు దారం, పేక దారం వేరువేరుగా చూడాలి.

తెలుపుతో తెలుపు కలవనప్పుడు

రంగులు కుదరకపోవడం ఎక్కువగా జరిగేది కొట్టొచ్చే రంగుల్లో కాదు, తెలుపులో, నలుపులో. ఇంట్లో ఉన్న తెల్ల పైజామా మీదికి ఆన్‌లైన్‌లో తెల్ల కుర్తా తెప్పిస్తారు. ఒకటి నీలి ఛాయతో మెరిసే తెలుపు, ఇంకొకటి పాలమీగడ ఛాయ. రెండూ కలిపి వేసుకుంటే కొత్తదాని పక్కన పాతది మాసినట్టు కనిపిస్తుంది. రంగు పేరు దగ్గర `White` అని ఉందా, `Off White` అని ఉందా, `Cream` అని ఉందా చదవాలి. అన్నిటికన్నా మేలు కుర్తా, పైజామా జతగా తీసుకోవడం. నలుపులో కూడా ఇంతే. మెరుపు లేని నిదా అబాయా మీద మెరిసే శాటిన్ హిజాబ్ వేస్తే, రెండూ నలుపే అయినా రెండు రంగుల్లా కనిపిస్తాయి. అబాయాకు హిజాబ్ అదే గుడ్డలో దొరికితే ఈ చిక్కు రాదు.

జతగా కొన్నా ఒకటి చూసుకోవాలి. ఫొటోలో కుర్తా, పాంటు, దుపట్టా మూడూ ఉంటాయి. `Package Contains` అన్న చోట `1 Kurta` అని ఒక్కటే ఉంటే వచ్చేది అదొక్కటే. మిగతావి అలంకారానికి పెట్టినవి. రంగు అసలు ఎలా ఉంటుందో తెలియాలంటే కంపెనీ ఫొటోలు వదిలేసి, కొన్నవాళ్ళు ఇంట్లో తీసి పెట్టిన ఫొటోలు చూడాలి. వాళ్ళ రివ్యూల్లో నక్షత్రాల కన్నా "ఒక సైజు చిన్నగా వచ్చింది", "రంగు పోతోంది" అనే మాటలు పది మందిలో ఎంతమంది రాశారో లెక్కపెడితే ఎక్కువ తెలుస్తుంది.

పార్సెల్ వచ్చాక

పార్సెల్ విప్పేటప్పుడు ఫోనుతో వీడియో తీసి పెట్టుకోవాలి. ట్యాగు తెంపకుండా, అత్తరు పూయకుండా ముందు టేపుతో కొలవాలి. చార్టులో 44 అని ఉండి బట్ట 42 వస్తే, తప్పు అమ్మినవాళ్ళది. పక్కన టేపు పెట్టి ఫొటో తీస్తే ఆధారం దొరికినట్టే. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు 2020 ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వాపస్ తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని అమ్మకందారు అనకూడదు. అంటే 1915 నంబరుకు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేయొచ్చు. అయితే చార్టు ప్రకారమే వచ్చిన బట్ట ఒంటికి కుదరకపోతే ఈ నిబంధన పనికిరాదు. అప్పుడు ఆ సైటు పెట్టుకున్న వాపసు షరతులే దిక్కు. `No Return` అని ఉన్న బట్టను సైజు మీద అనుమానం ఉన్నప్పుడు తీసుకోకపోవడమే మంచిది.

పిన్ కోడ్ కొట్టి చూస్తే వస్తువు ఎప్పుడు వస్తుందో తెలుస్తుంది. వాపసు తీసుకోవడానికి మనిషి ఊరికి వస్తాడా, లేక కొనేవాళ్ళే కొరియర్ చేయాలా అన్నది కూడా అక్కడే చూసుకోవాలి. చిన్న ఊళ్ళకు పార్సెల్ వచ్చినా, మార్చుకోవడానికి మళ్ళీ వారం పట్టవచ్చు. ఈద్ బట్టలు రంజాన్ మొదటి పది రోజుల్లోనే ఆర్డర్ పెడితే ఒకసారి మార్చుకోవడానికీ, ఒకసారి తడిపి ఆరేసి చూడటానికీ, అవసరమైతే టైలర్ దగ్గర పక్కలు వేయించడానికీ సమయం మిగులుతుంది. చాంద్ రాత్ నాడు ఏ టైలరూ ఖాళీగా ఉండరు.